ఆమనర్రసూలు వేళ

విల్లు చప్పుడు ఆగితే మా ఇంట్లో రాత్రి మొదలైనట్టు. నంద్యాల పక్కన, కుందూ ఏటికి దగ్గరలో, నల్లరేగడి పల్లె మాది, దూదేకుల ఇల్లు. ముందు సావిట్లో దూలానికి వేలాడగట్టిన పొడుగాటి విల్లును నాయన ఎడమచేత్తో ఆనించి పట్టుకుని, దానికి బిగించిన నరాన్ని కొయ్యగుండుతో కొడుతూ ఉంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా టంగ్ టంగ్ మని ఒకటే మోత. గింజ తీసిన పత్తి ఆ నరం దెబ్బకు విడివడి లేచి, సావిడంతా తిరిగి, మా రెప్పలమీదా కుండమూతలమీదా జొన్నరొట్టెల తట్టమీదా వాలేది. దీపం పెట్టే వేళకు నాయన విల్లును గోడకు ఆనించి, గాబు దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, ముక్కులో ఇరుక్కున్న దూదిని చీది, మసీదుకు పోయేవాడు. ఆయన ఇషా నమాజు చదివి తిరిగి వచ్చేలోపు ఆడవాళ్ల నమాజు ఇంట్లో అయిపోవాలి, మేం పిల్లలం తిని మూతులు కడుక్కోవాలి, బొంతలు పరిచి ఉండాలి.

ఎండాకాలమైతే పడక మట్టిమిద్దె మీద. చలికాలమైతే లోపలి ఇంట్లో, అమ్మకానికి కుట్టిపెట్టిన పరుపులు ఒక గోడకు, జొన్నల గుమ్మి ఇంకో గోడకు ఉండగా, మధ్యన మిగిలిన జాగాలో. కొత్త దూది వాసన, కిరసనాయిలు వాసన, జుమేరాత్ రోజయితే వాటితో కలిసిన ఊదు పొగ. నేను జేజి పక్కన, అన్న అమ్మ పక్కన. నాయన వచ్చి తలుపు గడియ పెట్టినాక, లాంతరు వత్తి సగానికి దించినాక, జేజి పుక్కిలించి, తల కొంగు సర్దుకుని, గోడకు వీపు ఆనించి కూర్చునేది. అప్పుడు మాట్లాడకూడదు. జేజి ఆమనర్రసూలు చదువుతుంది.

ఖురానులో ఆ రెండు ఆయతులకు జనం పెట్టుకున్న పేరే అది, మొదటి పలుకును బట్టి. రెండో సూరా, బఖరా, అన్నిటిలోకీ పొడవైనది. దానికి 286 ఆయతులు. చివరి రెండూ, అంటే 285, 286, మూడో సిపారాలో వస్తాయి. ఈ లెక్కలేవీ జేజికి తెలియవు. ఆమెకు అరబ్బీ అక్షరం రాదు, తెలుగు అక్షరం రాదు, ఉర్దూ మాట్లాడేవాళ్ల ముందు నోరు తెరవడానికి సిగ్గు. మా ఇంట్లో పుట్టినప్పటినుంచీ తెలుగే. నవ్వినా తెలుగే, తిట్టినా తెలుగే, పీర్ల పండక్కి ఏడ్చినా తెలుగే. ఆ రెండు ఆయతులు మాత్రం ఎప్పుడో కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో, అప్పటి హజరత్ గారి భార్య దగ్గర, పిల్లల దిండ్లు ఊరికే కుట్టిచ్చి, చెవితో విని నేర్చుకున్నది. మొదటి ఆయతు ఒక నెల, రెండోది మూడు నెలలు పట్టిందని చెప్పేది.

ఆమె చదువుతుంటే ఫ అంతా ప అయిపోయేది. రెండు రకారాలు కలిసి నొక్కి పలకాల్సిన చోట ఒకటే వినిపించేది. అయినా ఆ గొంతులో ఒక నడక ఉండేది. మొదటి ఆయతు నింపాదిగా, ఎవరికో అప్పజెప్పినట్టు సాగేది. ప్రవక్త తనకు దిగినదాన్ని నమ్మాడనీ, ఆయన వెంట ఉన్నవాళ్లూ నమ్మారనీ, దేవుణ్ణీ ఆయన దూతల్నీ గ్రంథాల్నీ ప్రవక్తలందర్నీ, ఒకరిని ఎక్కువ ఒకరిని తక్కువ చేయకుండా ఒప్పుకున్నారనీ, విన్నాం, తలవంచాం, మన్నించు, చివరికి రావలసింది నీ దగ్గరికే అన్నారనీ అందులో ఉంటుంది. రెండో ఆయతుకు వచ్చేసరికి జేజి గొంతు కిందికి దిగేది. దేవుడు ఎవరి మీదా వాళ్లు మోయగలిగినదానికి మించి భారం పెట్టడని మొదలై, ఎవరు చేసిన మంచి వాళ్లకూ ఎవరు చేసిన చెడు వాళ్ల మీదికీ అని సాగి, ఆ పైన అంతా వేడుకోలే. మరిచిపోయినా తప్పినా పట్టుకోవద్దనీ, మా ముందువాళ్ల మీద పెట్టిన బరువు మా మీద పెట్టొద్దనీ, మాకు శక్తి లేనిది మాతో మోయించొద్దనీ. ఒక్కో వేడుకోలూ రబ్బనా అని మొదలవుతుంది. ఆ మూడూ అయినాక, వదిలెయ్యి, క్షమించు, దయచూడు అని మూడు చిన్న మాటలు, నువ్వే మా యజమానివి, నిరాకరించినవాళ్ల మీద సాయం చెయ్యి అని ముగింపు. ఆమీన్. నింపాదిగా చదివినా నిమిషం పైచిలుకు. మాకు మాత్రం అప్పట్లో అది చాలా పొడుగనిపించేది, ఎందుకంటే అది ముగిసేదాకా దుప్పట్లోంచి కాలు బయట పెట్టడానికి లేదు.

ఒక్కో రబ్బనా తర్వాత జేజి ఆగేది. ఊపిరి కోసమే అనుకునేవాళ్లం. ఒక చలిరాత్రి అన్న అడిగాడు, ఎందుకే అంతసేపు ఆగుతావు, నిద్రొస్తావుందని. ఆమె ఆయతు పూర్తిచేసి, అరచేతుల్లో ఊదుకుని, ఆ చేతులు మా నెత్తిమీదా వీపుమీదా రాసి, అప్పుడు చెప్పింది, "జవాబొస్తది కదప్పా, రానీయొద్దా?"

ఆ జవాబు సంగతి ఆమెకు హజరత్ చెప్పే బయాన్ లో దొరికింది. మసీదు వెనక గోడకు ఉన్న చిన్న కిటికీ అవతల ఆడవాళ్లు కూర్చుని వినేవాళ్లు. ముస్లిం అనే పేరున్న హదీసు గ్రంథంలో అబూహురైరా చెప్పిన వృత్తాంతం అది, నేను పెద్దయినాక చదివాను. కానీ నాకు గుర్తున్నది జేజి చెప్పిన తీరే. ఈ రెండిటికి పైన ఇంకో ఆయతు ఉందంట, అందులో, మీ మనసులో ఉన్నది బయట పెట్టినా దాచుకున్నా దేవుడు లెక్క అడుగుతాడని వచ్చిందంట. అది విని ప్రవక్త మనుషులకు గుండె జారిపోయిందంట. అందరూ వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూలబడి, అయ్యా, నమాజు చెయ్యమన్నావు, చేస్తాం. ఉపవాసం ఉండమన్నావు, ఉంటాం. యుద్ధానికి పొమ్మన్నావు, దానం చెయ్యమన్నావు, మా చేతనైన పనులే అవి. ఇప్పుడు వచ్చిన ఈ మాట మాకు మోసేది కాదు అన్నారంట. ఇక్కడ జేజి తన వ్యాఖ్యానం ఒకటి కలిపేది: "మనసులో అనుకున్నదానికీ లెక్క రాస్తే ఈ ఊర్లో మిగిలేదెవురప్పా? మీ నాయన ఒక్కడే, ఆయనకు దూది తప్ప ఏం తోచదు." ప్రవక్త వాళ్లను, ముందువాళ్లలాగా విన్నాం కానీ చెయ్యం అంటారా, అట్లనొద్దు, విన్నాం, తలవంచాం అనండి అన్నాడంట. వాళ్లు అన్నారంట. అనంగానే, నాలుకలు ఆ మాటకు అలవాటు పడంగానే, ముందు మొదటి ఆయతు దిగింది, ఆ పైన రెండోది దిగి ఆ బరువు తీసేసింది. రెండో ఆయతులో ఒక్కో వేడుకోలు దగ్గరా దేవుడు సరే అన్నాడని ఆ వృత్తాంతంలోనే ఉంది.

నాలుగు రబ్బనాలు ఉంటాయని కొన్నాళ్లు నాకూ అన్నకూ పోట్లాట. మొదటి ఆయతు చివర్లో కూడా ఒకటి వస్తుంది, మన్నింపు అడిగిన చోట, అది వాక్యం మధ్యలో. జవాబు కోసం ఆగేవి మాత్రం మూడే. లాంతరు వెలుతురు గోడమీద కదులుతూ ఉండేది, జేజి ఆగిన ఆ కాస్త సేపూ అవతల కొట్టంలో ఎనుము నెమరువేసే చప్పుడు వినిపించేది.

నాకు ఏడేళ్లు నిండినాక పొద్దున ఫజర్ తర్వాత మసీదు అరుగుమీద చదువుకు వేశారు. హజరత్ కర్నూలు వైపునుంచి వచ్చినాయన. సన్నగా, పొడుగ్గా, గడ్డానికి మైదాకు పెట్టుకుని, చేతిలో వేపపుల్ల. పుల్ల కొట్టడానికి వాడింది తక్కువ, అక్షరం చూపించడానికి వాడింది ఎక్కువ. ముందు ఖాయిదా. అలిఫ్ కు జబర్ పెడితే అ, జేర్ పెడితే ఇ అని గుణింతం కట్టించేవాడు. ఆయనది ఉర్దూ, మాది తెలుగు. పై పెదవి, కింది పెదవి, నాలుక కొస, గొంతు అడుగు అని తన ముఖం మీదే వేలు పెట్టి చూపించేవాడు. ఖాయిదా ముగియకముందే నేను ఆమనర్రసూలు వచ్చు అని గొప్పకు పోయి, జేజి చదివినట్టే గడగడా చదివేశాను. ఆయన పూర్తిగా విన్నాడు. నవ్వలేదు. "ఎవరు నేర్పినారు?" అని అడిగి, జేజి అని చెబితే, "ఆమెకు సలాం చెప్పు. ఇక ఆమె దగ్గర ఉన్నది ఆమె దగ్గరే ఉండనీ, నువ్వు మళ్లీ మొదటి నుంచి రా" అన్నాడు.

చెవితోపాటు మాకు ఇంకో దారి కూడా ఉండేది: నాయన పద్దుల పుస్తకం. ముందు పేజీల్లో ఎవరికి పరుపు, ఎవరికి రెండు దిండ్లు, ఎవరి పాతదూది మళ్లీ ఏకాలి, ఎంత బాకీ అని రాసుకునేవాడు. వెనకనుంచి తిప్పితే, జేజి చెబుతూ ఉండగా ఎప్పుడో ఆయన తెలుగులో రాసిపెట్టిన ఆమనర్రసూలు. అయిదో తరగతి దాకా చదివిన చేయి, ఒత్తులు పెద్దవి, సున్నాలు గుండ్రంగా. అన్న అది చూసే నేర్చుకున్నాడు. మా వైపు చాలా ఇళ్లల్లో ఇప్పటికీ సూరాలు ఇట్ల తెలుగు లిపిలోనే ఉంటాయి, అచ్చయిన పుస్తకాలు కూడా దొరుకుతాయి.

హజరత్ కు ఆ పుస్తకం గిట్టేది కాదు. కారణం ఒక రోజు పలక మీద చూపించాడు. రెండో ఆయతులో ఎవరి మంచి వాళ్లకు అనే చోట లహా అని ఒక మాట వస్తుంది, భారం పెట్టొద్దు అనే చోట తహ్మిల్ అని వస్తుంది. తెలుగులో రెండూ హ. అరబ్బీలో రెండు వేరే అక్షరాలు. మొదటిది గొంతు అడుగునుంచి, ఊపిరి తప్ప ఏమీ లేనట్టు వస్తుంది, రెండోది గొంతు నడుమ కాస్త బిగించి, అద్దం తుడవడానికి ముందు దానిమీద ఆవిరి ఊదినట్టు రావాలి. మరిచిపోతే అనే మాటలో స ఒకటి, బరువు అనే మాటలో స ఇంకొకటి. రెండోదానికి నాలుక వెనకభాగం పైకి లేచి నోరంతా నిండాలి. ఐన్ అనే అక్షరానికైతే తెలుగులో ఏమీ లేదు, అ రాసుకోవడమే. శక్తి అనే అర్థం వచ్చే మాట ఆయతు మొదట్లో ఒకటుంది, దాని నడిమధ్యలో స అచ్చు లేకుండా నిలిచినాక, వెంటనే ఈ ఐన్ గొంతులో నొక్కుకుని రావాలి. అక్కడ మా అరుగుమీద పిల్లలందరం, హజరత్ మాటల్లో చెప్పాలంటే, గుమ్మం తట్టుకుని పడేవాళ్లం.

తప్పుల్లో రెండు రకాలున్నాయని ఆయన చెప్పేవాడు. ఒక అక్షరం స్థానంలో ఇంకో అక్షరం పలికితే అది జలీ, బయటికి కనిపించే తప్పు, అర్థం మారిపోవచ్చు, విన్నవాడు ఆపాలి. అక్షరం సరిగానే ఉండి, ముక్కుతో సాగదీయాల్సిన న్ ని సాగదీయకపోవడం లాంటిది ఖఫీ, లోపలి తప్పు, నేర్చినవాడికే తెలుస్తుంది. మరిచిపోతే అనే చోట రెండు నకారాలు కలిసి ముక్కులో రెండు మాత్రలు నిలవాలి. వేలు ఒకసారి ముడిచి ఒకసారి తెరిచేంత సేపు. అది చేయకపోతే హజరత్ ఏమీ అనడు, మళ్లీ చదవమంటాడు అంతే. ఇంకొకటి ఊపిరి. భారం పెట్టడు, మోయగలిగినంత తప్ప అనే వాక్యంలో ఊపిరి అయిపోయి తప్ప అనే మాటకు ముందే ఆగితే, దేవుడు ఎవరిమీదా ఏ భారమూ పెట్టడని అర్థం వచ్చి ఊరుకుంటుంది. "అంత సుఖమా?" అని హజరత్ పుల్లతో గాల్లో గీత గీసి, వెనక్కి పోయి కలుపుకుని రమ్మనేవాడు.

అన్నిటికంటే పిల్లల్ని ఏడిపించింది రబ్బనాలే. రెండో రబ్బనా వెనక వచ్చేది లా తహ్మిల్. మూడో రబ్బనా వెనక వచ్చేది లా తుహమ్మిల్నా. చెవికి రెండూ తోబుట్టువులే. మూడోదానికి మకారం వత్తుతుంది, వెనక నా చేరుతుంది. చూడకుండా చదివేవాడికి ఇక్కడ దారి చీలుతుంది. మూడోదానికి వచ్చి పొరపాటున తహ్మిల్ అన్నామా, నాలుక దానంతటది రెండోదాని వెంట పోయి, ముందువాళ్ల బరువు దగ్గరికి మళ్లీ చేరి, మళ్లీ మూడో రబ్బనాకు వచ్చి, మళ్లీ అక్కడే తప్పి, అట్ల తిరుగుతూనే ఉంటాం. చదివేవాడికి తెలియదు తను తిరుగుతున్నట్టు. వినేవాడికి తెలుస్తుంది, ముందువాళ్ల మాట రెండోసారి వినిపిస్తే. హజరత్ దీనికి ఒక ఉపాయం చెప్పాడు: మూడో రబ్బనా అన్నాక పెదవులు గట్టిగా మూయడానికి సిద్ధంగా ఉంచుకోవాలి, మకారం వత్తడానికి. పెదవులకు గుర్తుంటే నాలుక దారి తప్పదు.

చివర్లో ఉన్న ఆ మూడు చిన్న మాటల దగ్గర మాత్రం మాకు సంబరం. మన దగ్గర అచ్చయ్యే ఖురానుల్లో ఆ మూడిటి తర్వాతా పంక్తి పైన సన్నటి అక్షరాలతో వఖ్ఫా అని వేసి ఉంటుంది. అంటే గొంతు ఆపాలి, ఊపిరి మాత్రం తెగనీయకూడదు. అరుగుమీద పదిమందిమి ఒక్కసారి ఆగేవాళ్లం, బుగ్గలు బిగబట్టి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఎవడో ఒకడు ఫక్కున నవ్వేదాకా.

రాత్రే ఎందుకు చదవాలని హజరత్ ను అడిగింది అన్న. అబూమసూద్ అనే ప్రవక్త అనుచరుడు చెప్పగా బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న హదీసు ఆయన చెప్పాడు: బఖరా చివరి రెండు ఆయతులు రాత్రి చదివినవాడికి అవి సరిపోతాయని. దేనికి సరిపోతాయి అన్నది అందులో లేదు. పెద్దలు తలా ఒకటి చెప్పారు. ఆ రాత్రి లేచి చదవాల్సిన నఫిల్ నమాజుకు బదులు సరిపోతాయని కొందరు, షైతాను నుంచి కాపాడటానికి అని కొందరు, ఆ రాత్రి వచ్చే కీడు దేనికైనా సరే అని కొందరు. హజరత్ ఏదీ కాదనలేదు. రాత్రి అంటే పడుకునే ముందే కానవసరం లేదని మాత్రం చెప్పాడు. పొద్దు గూకినప్పటినుంచి తెల్లవారుజాము దాకా ఎప్పుడైనా, నమాజులో చదివినా సరే. జేజికి ఇదంతా చెబితే ఆమె మొదటి అర్థాన్ని ఎంచుకుంది. పగలంతా పరుపులకు బొంతసూదితో కుట్లు వేసి వేళ్లు వాచిన మనిషి, నడిరాత్రి లేచి నమాజుకు నిలబడాలంటే మోకాళ్లు ఒప్పవు. "ఇదీ బాగుంది. చదివి పండుకుంటే లేచినట్టే లెక్క" అంది.

ఆమెకు ఇష్టమైన ఇంకో కథ తలుపుది. ఇబ్నె అబ్బాస్ చెప్పింది, ఇదీ ముస్లిం గ్రంథంలోదే. జిబ్రయీల్ ప్రవక్త దగ్గర కూర్చుని ఉండగా పైన కిర్రుమని చప్పుడయిందట, తల ఎత్తి చూసి, ఇది ఆకాశంలో ఇంతవరకూ ఎప్పుడూ తెరవని తలుపు, ఈ రోజే తెరిచారు అన్నాడట. అందులోంచి ఎప్పుడూ భూమికి దిగని దూత ఒకడు దిగి, మీకు ముందు ఏ ప్రవక్తకూ ఇవ్వని రెండు వెలుగులు మీకిచ్చారు, ఒకటి ఫాతిహా, రెండోది బఖరా చివర అని చెప్పాడట. మా ఇంటి తలుపు టేకుది, పాతది, కీలు తుప్పు పట్టి ఘోరంగా అరిచేది. నాయన ఎన్నిసార్లు ఆముదం పోద్దామన్నా జేజి పోయనీయలేదు. దొంగొస్తే తెలియొద్దా అనేది. అసలు కారణం వేరే ఉందని నాకూ అన్నకూ గట్టి నమ్మకం.

తిర్మిజీ గ్రంథంలో నుమాన్ ఇబ్నె బషీర్ చెప్పింది ఇంకొకటి ఉంది: ఏ ఇంట్లో మూడు రాత్రులు ఈ రెండు ఆయతులు చదివితే ఆ ఇంటి దరికి షైతాను రాడని. ఈ మూడు రాత్రుల మాట ఊళ్లో బాగా పాకింది. ఎవరైనా కొత్తగా గది వేసుకున్నా, బాలింత ఇంట్లో ఉన్నా, పసిబిడ్డ రాత్రిళ్లు ఉలిక్కిపడి ఏడుస్తున్నా, జేజికి పిలుపొచ్చేది. ఆమె మూడు రాత్రులు పోయి చదివి, నాలుగు మూలలకూ ఊది వచ్చేది. రెడ్ల ఇళ్లనుంచి కూడా పిలిచేవాళ్లు, ఆమె పోయేది. ఊదడం సంగతి హజరత్ కు చెబితే, చదవమన్నది ఉంది, మూలలకు ఊదమన్నది ఈ హదీసులో లేదు, అరచేతుల్లో ఊదుకుని ఒంటికి రాసుకోవడం చివరి మూడు ఖుల్ సూరాల విషయంలో ఆయేషా చెప్పిన హదీసులో ఉంది, జనం రెండూ కలుపుకున్నారు అన్నాడు. జేజికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఊదడం మానేది కాదు.

అమ్మ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నెలలో కొన్ని రోజులు రాత్రి పూట అమ్మ జేజితోపాటు మొదటి ఆయతు చదవకుండా, పెదవులు బిగించి వింటూ ఉండేది; రబ్బనాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె పెదవులు కదిలేవి. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఖురాను చదవకూడదని హనఫీ పద్ధతి. అయితే వేడుకోలుగా ఉన్న ఆయతుల్ని చదువుగా కాకుండా దుఆగా అనుకుని పలకొచ్చని అదే పద్ధతిలో వెసులుబాటు ఉంది. నాకు ఆ రోజులు మొదలైనప్పుడు అమ్మ ఏమీ వివరించలేదు. రబ్బనా కాడినుంచి అను అంది, అంతే.

తర్వాత నంద్యాలలో దూది ఏకే మిషన్లు వచ్చాయి. నాయన నెలరోజులు ఏకే దూదిని మిషను పూటలో ఏకి ఇచ్చేది, కాకపోతే ధూళి సరిగా పోదనీ దూది పోగు తెగిపోతుందనీ ఆయన అనేవాడు, వినేవాళ్లు తగ్గిపోయారు. ఆ పైన నురగ పరుపులు. విల్లు కొన్నాళ్లు గోడకు ఉంది, నరం వదులై ఎలుకలు కొరికాయి. మేం నంద్యాలలో అద్దె ఇంటికి మారాం; ఇనుప తలుపు, చప్పుడు చేయని కీళ్లు, పక్కింటి టీవీ. రాత్రి నాయన వచ్చి గొళ్లెం పెట్టినాక జేజి గోడకు ఆనుకుని కూర్చోవడం మాత్రం అట్లనే ఉండేది.

జేజి మరుపు మొదట వంటింట్లో కనిపించింది, ఉప్పు రెండుసార్లు వేయడం, పాలు పొయ్యిమీద పెట్టి మిద్దె ఎక్కడం. ఆ తర్వాత పేర్లు. నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచేది. ఆమనర్రసూలు అన్నిటికంటే ఆలస్యంగా కదిలింది. ఒక రాత్రి పక్కన పడుకుని వింటూ ఉంటే ముందువాళ్ల బరువు మాట రెండోసారి వినిపించింది. నేను తల ఎత్తాను. జేజి మూడో రబ్బనాకు వచ్చింది, జవాబుకు ఆగింది, తహ్మిల్ అంది, మళ్లీ ముందువాళ్ల దగ్గరికి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. ముఖంలో ఏ తొందరా లేదు, తిరుగుతున్నానని తెలిసిన జాడ లేదు. అమ్మ మెల్లగా మూడో రబ్బనా తర్వాత మాటను గట్టిగా అందించింది, మకారం వత్తి. జేజి దాన్ని అందుకుని చివరిదాకా వెళ్లి ఆమీన్ అంది. ఆ తర్వాత అది అలవాటయింది, ఎవరు పక్కనుంటే వాళ్లు అందించేవాళ్లం. కొన్ని రాత్రులు అందించినా అందుకునేది కాదు. అట్లనే తిరిగి తిరిగి, గొంతు చిన్నదై, కూర్చున్నచోటే నిద్రపోయేది. అమ్మ ఆమెను మెల్లగా ఒరిగించి బొంత కప్పేది. అట్లాంటి రాత్రుల్లో మాకు ఊదేవాళ్లు లేరు. అన్నకు పెళ్లయి పిల్లలుండగా, నేను ఉద్యోగానికి పోతూ ఉండగా, మేమిద్దరం ఆ సంగతి గమనించుకున్నాం.

తెలుగులో ఖురాను అనువాదం నేను ఆ రోజుల్లోనే మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. తెలుగులో మొదట ఆ పని చేసింది చిలుకూరి నారాయణరావు గారు. నాకు దొరికింది తర్వాతవాళ్లది. రెండో సూరా చివరి పేజీ తెరిచి, జేజికి చదివి వినిపించాను. తలుపు కథా మోకాళ్ల కథా చెప్పిన మనిషి, శ్రద్ధగా విని, "బాగుంది, ఎవురు రాసినారు?" అని అడిగింది.

ఆమె పోయినాక, ఇల్లు సర్దుతూ, అన్నా నేనూ వాదనకు దిగాం. చివరి ఏడాది జేజి సగం చదివి వదిలేసిన రాత్రులు చదివినట్టా కాదా. రెండు ఆయతులు పూర్తిగా చదివితేనే అని హదీసు, సగానికి ఏమీ లేదని అన్న. వాడు పద్దుల పుస్తకం చూసి నేర్చినవాడు, లెక్క పూర్తి కావాలి వాడికి. నేను హజరత్ దగ్గరికి పోయాను. ఆయన అప్పటికి నంద్యాలలోనే కొడుకు ఇంట్లో ఉన్నాడు, గడ్డానికి మైదాకు మానేశాడు, చూపు తగ్గింది. నేను చెప్పింది మొత్తం విని, "ఎక్కడ తిరిగేది?" అని అడిగాడు. మూడో రబ్బనా దగ్గర అన్నాను. "తహ్మిల్ అనేదా?" అవునన్నాను. ఆ తప్పు ఆయన ఎన్ని వందల మంది నోట విన్నాడో, తల ఊపాడు. ముగ్గురిమీదినుంచి కలం ఎత్తేశారని హదీసు ఉంది కదా అన్నాడు: నిద్రలో ఉన్నవాడు లేచేదాకా, పసివాడు పెద్దయ్యేదాకా, మతి తప్పినవాడికి మతి వచ్చేదాకా. "రాసేవాళ్లే కలం ఎత్తేస్తే, మీ అన్న ఎందుకమ్మా పట్టుకున్నాడు?"

తర్వాత అన్న కూతురి సంగతి అడిగాడు. ఏడేళ్లు నిండాయని చెప్పాను. పంపండి, ఇంకా నలుగురు పిల్లలు వస్తున్నారు, కళ్లు కనపడకపోయినా చెవులున్నాయి అన్నాడు. ఐన్, హ నోట్లో కుదిరేదాకా ఆ తెలుగు పుస్తకం మాత్రం బిడ్డ చేతికి ఇవ్వొద్దని గట్టిగా చెప్పి పంపాడు. నేను ఇంటికి వచ్చేసరికి పిల్ల సావిట్లో బోర్లా పడుకుని, పద్దుల పుస్తకాన్ని వెనకనుంచి తెరిచి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ రెండో ఆయతు సగానికి వచ్చేసి ఉంది.